నీ కార్డు నాకు చూపించకు: జంటలతో మాట్లాడించే అభ్యాసం తయారుచేయడం

ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన కూర్చోబెట్టి "మీలో మీరు తెలుగులో మాట్లాడుకోండి" అంటే ఏమవుతుందో భాష చెప్పే టీచర్లందరికీ తెలుసు. ముందు కాసేపు నవ్వుకుంటారు. తరవాత ఒకరు "నీ పేరేమిటి?" అంటారు. రెండేళ్ళుగా ఒకే బెంచీ మీద కూర్చుంటున్న స్నేహితుణ్ణి పేరు అడగడం ఎంత వింతగా ఉంటుందో ఆ పిల్లవాడికీ తెలుసు. అందుకే అడిగేటప్పుడు స్నేహితుడి వైపు కాక మా వైపు చూస్తాడు. ఆ రెండోవాడు కూడా మా వైపే చూసి జవాబు చెబుతాడు. ఇద్దరూ తెలుగులోనే మాట్లాడారు, తప్పుల్లేకుండానే మాట్లాడారు. కానీ ఒకరితో ఒకరు మాట్లాడలేదు, మాకు అప్పజెప్పారు.

తెలిసిన సంగతిని ఎవరూ అడగరు. అడగాలంటే అవతలివాడి దగ్గర మనకు తెలియనిది ఏదో ఉండాలి, అది మనకు కావాలి, మాట తప్ప దాన్ని రాబట్టే దారి ఇంకొకటి ఉండకూడదు. ఈ మూడూ కలిసేలా కావాలని తయారుచేసే అభ్యాసాన్ని ఇంగ్లీషు టీచర్లు ఇన్ఫర్మేషన్ గ్యాప్ అంటారు. ఒకే విషయాన్ని రెండు ముక్కలు చేసి, ఒక ముక్క ఒకరికి, రెండోది ఇంకొకరికి ఇస్తాం. రెండు ముక్కలూ కలిస్తేగాని పని పూర్తికాదు. చెప్పడానికి ఇంతే. ఈ మాత్రానికి మేము మూడుసార్లు కార్డులు మార్చి రాయాల్సి వచ్చింది. ఆ మూడుసార్ల కథే ఇది.

మా ఎనిమిదో తరగతిలో రైల్వే, బ్యాంకు, సైన్యం ఉద్యోగుల పిల్లలు ముప్పై ఆరుగురు ఉన్నారు. సగం మందికి ఇంట్లో తెలుగే. మిగిలినవాళ్ళు ఒడియా, మలయాళం, బెంగాలీ, హిందీ ఇళ్ళ నుంచి వచ్చి ఇక్కడే తెలుగు నేర్చుకుంటున్నవాళ్ళు. హిందీ అందరికీ వచ్చు. ఆ పాఠంలో మేము నేర్పదలుచుకున్నది వేళలు చెప్పడం. వినడానికి చిన్న విషయమే అయినా తెలుగులో అది కొంచెం చిక్కే. పది గంటలు అన్న పిల్లవాడు పదింటికి, పదింటి నుంచి, పదింటి దాకా అనడం నేర్చుకోవాలి. రెండింటికి, ఏడింటికి, పదకొండింటికి అన్నీ ఒక దారిలో వెళ్తుంటే ఒకటి దగ్గర మాత్రం ఒంటిగంటకి అనాలి. తెలుగు ఇంటి పిల్లలకి ఇది తెలియకుండానే వస్తుంది. మిగిలినవాళ్ళు "ఒకటింటికి" అంటారు. అది తప్పే అయినా తెలివైన తప్పు.

మొదటిసారి మేము చేసింది చాలా పుస్తకాల్లో కనిపించే పద్ధతే. ఒక కుర్రవాడి ఆదివారం దినచర్య పట్టికగా రాసి, అ కార్డులో కొన్ని గళ్ళు, ఆ కార్డులో మిగిలిన గళ్ళు ఖాళీగా వదిలాం. అడిగి నింపుకోమన్నాం. రెండు నిమిషాల్లో "అయిపోయింది టీచర్" అని కేకలు వచ్చాయి. తరగతిలో మాటలు వినపడవలసిన వేళ పెన్సిళ్ళ చప్పుడు వినపడింది. తిరిగి చూస్తే, సగం జంటలు రెండు కార్డులూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని ఒకదాంట్లోంచి ఇంకొకదాంట్లోకి ఎక్కించుకుంటున్నాయి. వాళ్ళని తప్పుపట్టలేం. ఖాళీ గడి నింపమన్నాం, నింపడానికి కళ్ళు చాలు. మాట్లాడవలసిన అవసరం మా మనసులోనే ఉంది, కార్డులో లేదు. ఆ పని అయ్యాక ఆ కుర్రవాడి దినచర్యతో వాళ్ళకి పనేమిటన్నది కూడా మేము ఆలోచించలేదు.

రెండోసారి పనికి ఒక ప్రయోజనం పెట్టాం. ఇద్దరూ కలిసి ప్రాజెక్టు కోసం లైబ్రరీకి వెళ్ళాలి, ఇద్దరికీ ఖాళీగా ఉన్న గంట ఏదో కనుక్కోవాలి. ఎవరి ఆదివారం వారి కార్డులో ఉంది. రెండింటిలోనూ కలిసే ఖాళీ గంట ఒక్కటే. కార్డులు చూపించుకోకూడదన్నాం. ఈసారి మాటలైతే వినిపించాయి. అవి ఇలా ఉన్నాయి:

"తొమ్మిది?"

"ఊహూఁ."

"పది?"

"లేదు."

"పదకొండు?"

"ఆఁ, ఓకే."

పని సరిగ్గానే పూర్తయింది. అంకెలు, అవును, కాదు, అంతే. పదింటికి అనవలసిన అవసరం ఎవరికీ రాలేదు, ఎందుకు కుదరదో చెప్పవలసిన అవసరం అసలే రాలేదు. గ్యాప్ ఉంది కాని అది ఒక్క మాటతో దాటగలిగే పిల్లకాలువ. ఇద్దరిలో ఒకరు అడుగుతూ పోతే రెండోవారు తల ఊపి గట్టెక్కవచ్చు.

ఆ రోజు స్టాఫ్ రూములో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని ఆ కార్డుల్ని మామీదే ప్రయోగించుకున్నాం. అది ముందే చేసి ఉండవలసింది. అప్పటినుంచి ఏ కార్డు రాసినా దానికి మూడు ప్రశ్నలు వేస్తున్నాం. దీన్ని చూపుతో పూర్తిచేయవచ్చా? ఒక్క మాటతో పూర్తిచేయవచ్చా? ఇద్దరిలో ఒకరు నోరు మెదపకపోయినా పూర్తవుతుందా? ఒక్క ప్రశ్నకు అవునని జవాబు వచ్చినా కార్డు మళ్ళీ రాయాల్సిందే.

మూడోసారి మేము చేసిన మార్పు ఒక్కటే. కలిసే ఖాళీ గంటని తీసేశాం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, కలిసినట్టు కనిపించి పనికిరాని గంట ఒకటి ఉంచాం. ఏదో ఒక పనిని జరిపితేగాని గంట దొరకదు. ఏ పని జరపవచ్చో, ఏది జరపకూడదో కారణంతో సహా కార్డులో రాశాం. కార్డులు ఇవీ.

అ కార్డు:
8 నుంచి 9: సంగీతం క్లాసు. మాస్టారు వేళ మార్చరు.
9 నుంచి 10: ఖాళీ.
10 నుంచి 11: అమ్మతో రైతు బజారు. అమ్మకి ఉదయం ఎప్పుడైనా పరవాలేదు కాని, పదకొండు దాటితే మంచి కూరలు ఉండవు.
11 నుంచి 12: ఖాళీ.
12 నుంచి 1: తాతయ్యతో భోజనం. ఆయన మాత్ర వేసుకోవాలి, ఆలస్యం చేయకూడదు.
1 నుంచి 2: ఖాళీ.

ఆ కార్డు:
8 నుంచి 9: ఖాళీ.
9 నుంచి 10: క్రికెట్ ప్రాక్టీసు. జట్టంతా వస్తుంది, మార్చడం కుదరదు.
10 నుంచి 11: ఖాళీ.
11 నుంచి 12: తమ్ముడికి లెక్కలు చెప్పాలి. అంతకుముందు వాడు డ్రాయింగ్ క్లాసులో ఉంటాడు, పన్నెండింటికి ఊరికి వెళ్ళిపోతాడు.
12 నుంచి 1: బాబాయి వాళ్ళు ఇంటికి వస్తారు. ఇంట్లో ఉండాలి.
1 నుంచి 2: ఖాళీ.
లైబ్రరీ ఆదివారం ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 1 దాకానే.

చదివేవారు ఒకసారి తామే కలిపి చూస్తే బాగుంటుంది. ఇద్దరికీ ఖాళీగా కనిపించే గంట ఒంటిగంట నుంచి రెండింటి దాకా. అ కార్డు ఉన్న పిల్ల సంతోషంగా అదే చెబుతుంది. కానీ లైబ్రరీ మూసేస్తారన్న సంగతి ఆ కార్డులో మాత్రమే ఉంది. కనుక రెండో పిల్లవాడు కాదనాలి, ఎందుకు కాదో చెప్పాలి. అక్కడ తల ఊపితే చాలదు. ఆ తరవాత వెనక్కి వెళ్ళి పదింటిని పట్టుకోవాలి. పదింటికి ఆ కార్డు వాడు ఖాళీ, అ కార్డు పిల్లకి బజారు. బజారుని తొమ్మిదింటికి జరిపితే పదింటికి ఇద్దరూ లైబ్రరీలో ఉంటారు. వేరే దారి లేదు. తమ్ముడి లెక్కలు జరపడానికి చోటు లేకుండా రెండు వైపులా మూసేశాం. మొదట రాసినప్పుడు "తమ్ముడికి లెక్కలు చెప్పాలి" అని మాత్రమే ఉండేది. స్టాఫ్ రూములో మాలో ఒకరం ఆ పనిని ఒంటిగంటకి జరిపి పదకొండింటికే లైబ్రరీకి వెళ్ళిపోయాం. అలా రెండో జవాబు బయటపడి, పాపం ఆ తమ్ముణ్ణి పన్నెండింటికి ఊరికి పంపించాల్సి వచ్చింది.

జవాబు ఒకటే ఉండాలన్న పట్టుదల ఎందుకంటే, చివర్లో తరగతంతా ఒకే చోటికి చేరిందో లేదో చూడటం తేలిక. వేరే గంట చెప్పిన జంట ఎక్కడో ఒక మాట వినలేదన్నమాట. ఏ మాట వినలేదో కూడా ఆ గంటే చెబుతుంది. "ఒంటిగంటకి" అన్నవాళ్ళ మధ్య లైబ్రరీ సంగతి రాలేదు. "పదకొండింటికి" అన్నవాళ్ళు తమ్ముణ్ణి మరిచిపోయారు.

బజారు వాక్యం కూడా కావాలనే అలా రాశాం. తొమ్మిదింటికి జరపవచ్చు అని కార్డులోనే ఉంటే పిల్ల అది చదివేస్తుంది. ఇప్పుడు ఆ సంగతి తనే ఆలోచించి తేల్చుకోవాలి, అదీ అవతలివాడు అడిగితేనే ఆలోచన వస్తుంది. ఒక జంట మాటలు మేము పక్కన నిలబడి రాసుకున్నాం:

"పదింటికి వెళ్దామా?"

"పదింటికి నాకు బజారు ఉంది."

"బజారుకి ఇంకో టైములో వెళ్ళలేవా?"

"పదకొండు తరవాత అయితే కూరలు ఉండవు."

"తరవాత కాదు, ముందు."

"ముందా... ఆగు. తొమ్మిదింటికి ఖాళీయే. తొమ్మిదింటికి అమ్మతో వెళ్ళొస్తా. అయితే పదింటికి కుదురుతుంది!"

ఆ "ముందా... ఆగు" కోసమే ఇన్ని కార్డులు రాశాం. ఆ క్షణంలో ఇద్దరిలో ఎవరూ మా వైపు చూడలేదు.

కార్డు బాగున్నా తరగతిలో పాడయ్యే చోట్లు రెండు మూడు ఉన్నాయి. అన్నిటికన్నా ముందుది కార్డు ఇచ్చిన వెంటనే జంటల్ని కలిపేయడం. సగంమంది ఇంకా చదువుకుంటుంటే మాటలు మొదలవ్వవు, చదవడం అయినవాడు పక్కవాడి కార్డులోకి తొంగిచూస్తాడు. అందుకని మొదటి ఎనిమిది నిమిషాలు అ కార్డు ఉన్నవాళ్ళని అ కార్డు వాళ్ళతోనే, ఆ కార్డు వాళ్ళని ఆ కార్డు వాళ్ళతోనే కూర్చోబెడతాం. ఇద్దరి దగ్గరా ఒకే కార్డు కనుక దాచేది ఏమీ లేదు. తెలియని మాటలు ఒకరినొకరు అడుగుతారు, ఏవి మార్చవచ్చో ఏవి కాదో అక్కడే తేల్చుకుంటారు. తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న పిల్లకి ఈ ఎనిమిది నిమిషాలు చాలా ముఖ్యం. తరవాత అసలు జంటలో కూర్చున్నప్పుడు చెప్పవలసింది అప్పటికే ఒకసారి నోటికి వచ్చి ఉంటుంది. అసలు జంటలకి పది పన్నెండు నిమిషాలు ఇస్తాం, మా తరగతిలో చాలామందికి అది సరిపోయింది. పీరియడ్‌లో మిగిలిన కాసేపూ తరగతంతా కలిసి చేసే పనికి కావాలి, దాని సంగతి చివర్లో చెబుతాం.

కూర్చోవడం కూడా చూసుకోవాలి. వీపులు ఆనించి కూర్చోబెట్టమని కొందరంటారు. ముప్పై ఆరుగురిలో అది చేస్తే అందరూ అరవాల్సి వస్తుంది, పక్క తరగతి నుంచి కబురు వస్తుంది. ఎదురెదురుగా కూర్చుని మధ్యలో స్కూలు బ్యాగు నిలబెడితే చాలు. మొహం కనిపిస్తుంది, కార్డు కనిపించదు. బేసి సంఖ్యలో వస్తే ఇద్దరికి కలిపి ఒక కార్డు ఇచ్చి ముగ్గురి జట్టు చేస్తాం. అయితే వాళ్ళలో ఒకరు ఊరుకుంటారని ముందే తెలిసి ఉండాలి.

ఎవరికి ఏ కార్డు అన్నది మేము తెలియక చేసిన ఇంకో తప్పు. మొదట్లో తెలుగు బాగా వచ్చినవాళ్ళకి అ కార్డు ఇచ్చాం, అందులో వాక్యాలు పెద్దవని. బజారు కిటుకు ఉన్నది ఆ కార్డులోనే. వాళ్ళే ప్రశ్నలు వేసి, వాళ్ళే బజారుని జరిపేసి, "పదింటికి వెళ్దాం, సరేనా?" అని ముగించారు. ఎదుటి పిల్ల "సరే" అంది. ఇప్పుడు తిరగేశాం. తెలుగు తక్కువ వచ్చినవారి చేతిలోనే అ కార్డు ఉంటుంది. తెలుగు బాగా వచ్చినవాడు ఎంత ధారాళంగా మాట్లాడినా, ఆ పిల్ల నోటి నుంచి బజారు సంగతి వస్తేగాని వాడి పని జరగదు. కనుక వాడే నెమ్మదిగా అడుగుతాడు, అర్థం కాకపోతే ఇంకోలా అడుగుతాడు, ఆమె మాట వెతుక్కుంటుంటే ఆగుతాడు. ఓపికగా ఉండమని మేము చెప్పనక్కర్లేకపోయింది.

ఇక హిందీ. అందరికీ వచ్చిన భాష ఒకటి చేతిలో ఉండగా తెలుగులో ఎందుకు కష్టపడాలన్నది పిల్లల వైపు నుంచి చూస్తే న్యాయమైన ప్రశ్న. హిందీ మాట్లాడితే జుర్మానా అన్న పద్ధతిని మేము ప్రయత్నించలేదు, దానివల్ల మౌనం పెరుగుతుందేగాని తెలుగు పెరగదు. బదులుగా రెండు తరగతుల్లో తిరుగుతూ పిల్లలు సరిగ్గా ఏ మాట దగ్గర హిందీలోకి దాటుతున్నారో రాసుకున్నాం. మేము ఊహించినట్టు బజారు, ప్రాక్టీసు దగ్గర కాదు. "కుదరదు", "మార్చుకోవచ్చా", "మళ్ళీ చెప్పు", "ఆగు, చూస్తాను" అన్నచోట దాటుతున్నారు. విషయం తెలుగులోనే చెబుతున్నారు, సంభాషణని నడిపే మాటలు హిందీలో వస్తున్నాయి. మా పాఠంలో అవి ఎక్కడా లేవు మరి. ఆ నాలుగు మాటలూ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, పని మొదలయ్యే ముందు తలా ఒకసారి అనిపించాం. హిందీ పూర్తిగా పోలేదు. "పది బజేకి" అన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. కానీ సంభాషణ మొత్తం అటు జారిపోవడం ఆగింది.

పిల్లలు పిల్లలతోనే మాట్లాడితే ఒకరి తప్పులు ఒకరికి అంటవా అని ఒక తల్లి అడిగారు. ఇది తోసిపుచ్చే ప్రశ్న కాదు. 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, చెన్నై ప్రాంతాల బడుల్లో ఇంగ్లీషు బోధన మీద పెద్ద ప్రయోగం నడిపిన ఎన్.ఎస్. ప్రభుకీ ఇదే సందేహం ఉండేది. పనుల్ని సమాచారపు గ్యాప్, తర్కపు గ్యాప్, అభిప్రాయపు గ్యాప్ అని మూడు రకాలుగా చెప్పింది ఆయనే. వాటిలో తర్కపు గ్యాప్ పనుల మీద ఆయనకి మొగ్గు ఎక్కువ. మా మూడో కార్డు రెండో దానికన్నా బాగా నడవడానికి కారణం కూడా అదేననుకుంటాం, అందులో సమాచారం అందుకున్నాక ఆలోచించి తేల్చవలసింది ఇంకా మిగిలి ఉంది. కాని పిల్లల్ని జట్లుగా వదిలి మాట్లాడించడం ఆయనకి నచ్చేది కాదు. తమలో తాము మాట్లాడుకుంటే వచ్చీరాని భాషే గట్టిపడిపోతుందని, టీచరు తరగతంతటితో మాట్లాడటమే మేలని ఆయన అభిప్రాయం. ఈ రెండో విషయంలో మేము ఆయనతో పూర్తిగా ఏకీభవించలేం. ముప్పై ఆరుగురితో టీచరే మాట్లాడితే ఒక్కొక్కరి వంతుకి ఒక నిమిషమైనా రాదు. అలాగని ఆయన భయం కట్టుకథ కాదు. "ఒకటింటికి" అన్న మాట ఒక బెంచీ నుంచి మూడు బెంచీలకి పాకడం మేము కళ్ళారా చూశాం.

అందుకే చివరి పది నిమిషాలు మావి. పని జరుగుతున్నప్పుడు ఎవరినీ ఆపి దిద్దం. దిద్దితే మళ్ళీ మా వైపు చూడటం మొదలవుతుంది. విన్న తప్పుల్ని పేర్లు లేకుండా రాసుకుని, జంటలన్నీ ముగించాక రెండే రెండు వాక్యాలు బోర్డు మీద రాస్తాం. తరగతి దిద్దుతుంది. తరవాత ఒక జంటని లేపి, "మీరు ఏ వేళకి వెళ్తున్నారు, అంతకుముందు ఎవరేం చేస్తారు?" అని మేమే అడుగుతాం. ఇప్పుడు వాళ్ళకి చెప్పడానికి నిజంగా ఒక సంగతి ఉంది, జవాబు పూర్తి వాక్యాల్లో వస్తుంది. "ఒంటిగంటకి" అన్న మాట కుదురుకున్నది ఎక్కువగా ఇక్కడే.

రెండో సెక్షన్‌లో చేసినప్పుడు ఒక జంట మూడు నిమిషాల్లోనే చెయ్యి ఎత్తింది. కార్డులు చూసుకున్నారేమో అనుకుని దగ్గరకి వెళ్ళాం. చూసుకోలేదు. బ్యాగు మధ్యలో నిలబడే ఉంది.

"ఆదివారం ఇద్దరికీ చాలా పనులున్నాయి టీచర్, అందుకని శనివారం వెళ్దామనుకున్నాం" అన్నాడు ఆ కార్డు కుర్రవాడు. అ కార్డు అమ్మాయి ఒడిశా నుంచి వచ్చి ఏడాది అయింది. "శనివారం బజారు లేదు, క్రికెట్ లేదు" అని ఆమె కూడా గట్టిగానే వాదించింది. ఇద్దరూ తెలుగులోనే మాట్లాడారు, ఒకరికి ఒకరు నచ్చజెప్పుకున్నారు, మేము కోరిందంతా చేశారు. తప్పు మా కార్డుదే. రెండు కార్డుల మీదా "ప్రాజెక్టు వివరాలు శనివారం సాయంత్రం ఇచ్చారు, సోమవారం ఉదయం అప్పగించాలి" అని ఇప్పుడు ఒక వాక్యం చేర్చాం.